కదలని ముల్లు

మావాడు హాస్టల్‌కి వెళ్తూ గిటారు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. ఇంటర్‌లో ఉండగా పండగ డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నది. ఏడాదిగా బీరువా మీద దుమ్ము కొట్టుకుపోతోంది. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం దించి తుడిచి, ఫోన్లో ట్యూనర్ యాప్ వేసుకుని కూర్చున్నాను. ఈ వయసులో గురువుగారి ముందు కూర్చోవాలంటే మొహమాటం. యాప్ ముందు ఆ బాధ లేదు కదా!

ఒళ్ళో పెట్టుకుంటే పైన మందపు తీగ, కింద సన్నది. పైనుంచి వరసగా E, A, D, G, B, మళ్ళీ E. తీగ మీటితే యాప్‌లో ముల్లు కదులుతుంది. ఎడమకి ఉంటే శ్రుతి తగ్గినట్టు, కుడికి ఉంటే పెరిగినట్టు, నడిమికొచ్చి పచ్చగా వెలిగితే సరిపోయినట్టు.

రెండు తీగలు బాగానే కుదిరాయి. D దగ్గర ముల్లు ఎడమవైపే ఆగిపోయింది. బిరడా తిప్పాను, కదల్లేదు. ఫ్యాను చప్పుడుకి వినపడట్లేదేమోనని ఫ్యాను ఆపి ఇంకా తిప్పాను. ఠంగుమని తీగ తెగి చేతి మీద చురుక్కుమంది. చూస్తే తెగింది D కాదు, పక్కనున్న G!

సాయంత్రం భయపడుతూనే మావాడికి ఫోన్ చేశాను.

"తీగదేముందమ్మా, తెగుతూనే ఉంటుంది. నువ్వు మీటింది ఒకటి, తిప్పింది ఇంకోటి" అని నవ్వాడు. మా గిటారు తల చివర D, G బిరడాలు ఎదురెదురుగా ఉంటాయి. తిప్పేముందు తీగ వెంట వేలు పోనిచ్చి దాని బిరడా ఏదో చూసుకోవాలట. కొంచెం తిప్పడం, మీటడం, చూడటం. తిప్పినా ముల్లు కదలకపోతే తప్పు యాప్‌ది కాదు, వెంటనే చెయ్యి ఆపాలి.

ఇంకో సంగతీ చెప్పాడు. యాప్‌లో క్రోమాటిక్ అని పెడితే ఏ స్వరానికైనా పచ్చదీపం వెలుగుతుందట. B తీగ వదులై A దాకా దిగిపోయినా "సరే" అనేస్తుంది. అందుకే గిటార్ అని పెట్టుకుని, అక్షరం కూడా చూసుకోవాలి.

కొత్త తీగ వేయించాను. అది సాగి సాగి కుదురుకునేదాకా రోజూ శ్రుతి చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు యాప్ చూశాక చెవితో కూడా సరిచూస్తున్నాను. మందపు తీగని అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటితే కింది తీగ ఉత్త స్వరమే పలకాలి. మిగతావీ అంతే, ఒక్క G తీగనే నాలుగో మెట్టు దగ్గర నొక్కాలి.

నిన్న ఫోన్లో అలా మీటి వినిపించాను. "B కొంచెం తగ్గిందమ్మా" అన్నాడు.

వాడు అనకముందే నా చెయ్యి ఆ బిరడా మీద ఉంది.