పన్నెండు బొమ్మల నడక

తెనాలిలో ఒక డ్రాయింగు మాస్టారు తన ఇంటి మేడ మీద పిల్లలకు చేతితో గీసే యానిమేషన్ నేర్పుతున్నారని విని చూడ్డానికి వెళ్లాను. ఒకప్పుడు ఆయన హైదరాబాదు స్టూడియోలో ఇన్‌బిట్వీనర్‌గా పనిచేశారు. అంటే పెద్ద ఆర్టిస్టు గీసిన రెండు ముఖ్యమైన భంగిమల మధ్య రావలసిన బొమ్మలన్నీ గీయడం ఆయన పని. ఇప్పుడు గదిలో పాత కంప్యూటర్లు, వాటికి తగిలించిన చవక పెన్ ట్యాబ్లెట్లు ఉన్నాయి. అన్నిటిలోనూ క్రిటా. పైసా కట్టక్కర్లేదు, మనం చేసిన వీడియో మీద తన పేరు ముద్ర వేయదు. పెయింటింగు కోసం పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కి 2016లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఫ్రేము ఫ్రేముగా బొమ్మలు కదిలించే సదుపాయం చేరింది.

ఆ పూట పాఠం మనిషి నడక. ఇంటర్ చదివే ఒక అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

సెకనుకు 24 ఫ్రేములు. కానీ గీసేది 12 బొమ్మలే. ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేముల పాటు తెర మీద నిలుస్తుంది. స్టూడియోల్లో దీన్ని ‘ఆన్ టూస్’ అంటారు. క్రిటాలో ఫ్రేముల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి బొమ్మలు 0, 2, 4 అలా సరి అంకెల మీద పడి 22తో ఆగుతాయి. మధ్య గడులు ఖాళీగా వదిలేస్తే చాలు, ముందున్న బొమ్మే కొనసాగుతుంది. మామూలు నడకకు ఈ ఏర్పాటు సరిపోతుందని, సగం శ్రమ మిగులుతుందని మాస్టారు చెప్పారు. చెయ్యి విసిరి కొట్టడం లాంటి చోట మాత్రం ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ దూరం పెరిగి కన్నుకి గెంతులా తగులుతుంది. అక్కడ ఒక్కో ఫ్రేముకీ ఒక్కో బొమ్మ గీయాల్సిందే.

అమ్మాయి ముందుగా 0వ ఫ్రేములో కుడి కాలు ముందుకు చాచి మడమ నేలకు ఆనించిన బొమ్మ గీసింది. 12వ ఫ్రేములో అదే భంగిమ, కాళ్లు మాత్రం అటూ ఇటూ మారాయి. తర్వాత 6వ ఫ్రేములో కొత్త ఖాళీ ఫ్రేము పెట్టి, లేయర్ పక్కనున్న చిన్న బల్బు గుర్తు నొక్కింది. 0వ ఫ్రేము బొమ్మ ఎర్రగా, 12వ ఫ్రేము బొమ్మ పచ్చగా, రెండూ పల్చగా కనిపించాయి. ఇదే ఆనియన్ స్కిన్. కాగితం రోజుల్లో అద్దం బల్ల కింద దీపం పెట్టి, పల్చటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చేసిన పని ఇదే. పక్క కంప్యూటర్ దగ్గర కుర్రాడికి మాత్రం బల్బు నొక్కినా ఏమీ కనిపించలేదు. వాడు తెల్లరంగు నిండిన Background లేయర్ మీదే గీస్తున్నాడు. “తెలుపు కూడా రంగేరా, వెనకున్నది ఎలా కనపడుతుంది? పారదర్శకంగా ఉన్న కొత్త లేయర్ తీసుకో” అన్నారు మాస్టారు. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడేనట.

అమ్మాయి ఆ 6వ ఫ్రేములో ఎరుపుకీ పచ్చకీ సరిగ్గా మధ్యలో ఒక మనిషిని గీసింది. ఒక కాలు నిటారుగా నేల మీద, రెండోది దాన్ని దాటుతూ. నీట్‌గానే ఉంది. ఆడించి చూస్తే మనిషి నడవడం లేదు, తేలుతున్నాడు. తల ఒకే గీత మీద జారిపోతోంది.

“సార్, మధ్యలోనే గీశాను కదా?”

“మధ్యలో గీశావు కాబట్టే అమ్మా,” అని ఆయన స్కేలు తీసుకున్నారు. బొమ్మలో కాలి పొడవు 200 పిక్సెళ్లు. అడుగు పడినప్పుడు రెండు పాదాల మధ్య దూరం 240. అంటే నడుము నుంచి ఒక్కో పాదం 120 పక్కకు ఉంది. స్కూల్లో చదివిన లంబకోణ త్రిభుజమే ఇది, నడుము ఎత్తు 160 వస్తుంది. కాళ్లు ఒకదాన్నొకటి దాటేటప్పుడు నేల మీది కాలు నిలువుగా ఉంటుంది. అప్పుడు నడుము 200 ఎత్తుకి లేవాలి. మోకాలు కాస్త వంగి ఉంటుందనుకున్నా 20 పిక్సెళ్లయినా పైకి రావాలి. అమ్మాయి నడుముని 160 దగ్గరే ఉంచింది కాబట్టి, ఆ కాలు పట్టడానికి తనకు తెలియకుండానే పొట్టిగా గీసేసింది. ఆనియన్ స్కిన్ రెండు గీతల మధ్య చోటు చూపిస్తుంది గానీ, మనిషి బరువు ఎటు పోతుందో చూపించదు. ఆ గదిలో నేను విన్న మాటల్లో ఇదే నాకు ముఖ్యంగా తోచింది.

6 సరిచేశాక 2వ ఫ్రేము. అడుగు పడగానే బరువంతా ఆ కాలి మీదకి వచ్చి మోకాలు వంగుతుంది, తల అన్నిటికన్నా కిందికి దిగేది అక్కడే. 10వ ఫ్రేములో వెనక కాలి వేళ్లు నేలని తంతాయి, తల అన్నిటికన్నా పైకి లేస్తుంది. ఈ భంగిమలు కుదిరాక మిగిలిన 4, 8 మాత్రం ఆనియన్ స్కిన్‌ని నమ్మి గీసుకోవచ్చు. అప్పుడు కూడా ముందొకటి, వెనకొకటి చాలు. నాలుగైదు నీడలు పెడితే ఏ గీత ఏ కాలిదో తెలియదు. 14 నుంచి 22 వరకు ఇవే బొమ్మలు, కాళ్లు మారుస్తూ. అవతలి కాలికి ముదురు రంగు వేయకపోతే రెండు అడుగులూ ఒక్కటిగానే కనిపించి మనిషి ఒంటి కాలితో ఈడుస్తున్నట్టుంటుంది.

ఇక పాదం జారడం. బొమ్మలో మనిషి ట్రెడ్‌మిల్ మీద ఉన్నట్టు ఉన్నచోటే నడుస్తాడు. కాబట్టి నేల మీదున్న పాదం వెనక్కి జరగాలి. 0 నుంచి 12 దాకా ఆరు జరుపులు, దూరం 240, జరుపుకి 40. ఒకచోట 30, ఇంకోచోట 50 పడితే మనిషి తడినేల మీద నడిచినట్టు కనిపిస్తాడు. మాస్టారు నేల మీద 40కి ఒకటి చొప్పున గుర్తులు పెట్టించి, మడమని వాటి మీదకే తెమ్మన్నారు.

ఆడించినప్పుడు ఇంకో తడబాటు. చివర్లో మనిషి క్షణం ఆగి మళ్లీ కదులుతున్నాడు. చూస్తే అమ్మాయి 24వ ఫ్రేములో మొదటి బొమ్మనే మళ్లీ పెట్టింది. చక్రంలో 24 అంటే మళ్లీ 0 కదా, ఒకే బొమ్మ రెండు సార్లు వచ్చింది. అది తీసేసి, ముగింపు ఫ్రేముని 23కి మార్చారు. 22 పెడితే ఆఖరి బొమ్మ ఒక్క ఫ్రేమే ఉండి చిన్న గెంతు మిగులుతుంది.

బయల్దేరే ముందు, వెనక చెట్లూ రోడ్డూ వేస్తే ఎలాగని అడిగాను. “అక్కడే చాలామంది దెబ్బతింటారండీ” అన్నారు. పాదం రెండు ఫ్రేములకోసారి 40 జరుగుతుంది. రోడ్డుని సాఫీగా ఉంటుందని ఫ్రేముకి 20 చొప్పున జరిపితే, మధ్య ఫ్రేములో రోడ్డు కదిలి పాదం కదలదు, పాదం నేల మీద వణుకుతుంది. రోడ్డు కూడా పాదంతోపాటే రెండు ఫ్రేములకి 40 జరగాలి. లేదా మనిషినే ఫ్రేముకొక బొమ్మగా, 24 బొమ్మల్లో గీయాలి.

ప్రయత్నించేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఒక చక్రంలో రోడ్డు 480 పిక్సెళ్లు జరుగుతుంది. చెట్టూ, స్తంభమూ ప్రతి 480కి ఒకసారి మళ్లీ అదే వరసలో వచ్చేలా గీస్తేనే ఆ ఒక్క సెకను ఎన్నిసార్లు తిప్పినా అతుకు కనపడదు.