సింకు కింద అర

మా సింకు కింది తలుపు సరిగ్గా మూసుకోవడం మానేసి అప్పటికి నాలుగు నెలలైంది. రోజుకి పదిసార్లు మోకాలితో నెట్టి మూసేది నేనే. అమ్మ వచ్చినప్పుడు అమ్మ. ఇంట్లో మిగిలినవాళ్లకి ఆ సంగతి తెలీదు. తెలియాలంటే వాళ్లు ఆ తలుపు తీయాలి కదా.

విశాఖపట్నంలో సముద్రానికి అర కిలోమీటరు దూరంలో మా ఫ్లాటు. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ డెబ్బై శాతం పైనే ఉంటుంది. ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు కాదు, ముద్ద వస్తుంది. అలాంటి ఇంట్లో మూడేళ్ల కిందట ఒక కంపెనీ వాళ్లచేత మెరూన్ రంగు మాడ్యులర్ కిచెన్ పెట్టించుకున్నాం. షోరూమ్‌లో రంగు నన్నడిగారు, ధర మా ఆయనతో మాట్లాడారు. లోపల ఉన్నదేమిటని ఎవర్నీ ఎవరూ అడగలేదు. "ఇంజనీర్డ్ వుడ్ సార్" అన్నాడు అమ్మే కుర్రాడు. ఆ మాటకి నేనూ తలూపాను. స్త్రీల కథల్లో వంటిల్లు మీద అధ్యాయాలకి అధ్యాయాలు రాసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. నా వంటిల్లు దేంతో కట్టారో నాకు తెలీదు.

మూడో వానాకాలంలో ఒక ఆదివారం సింకు కింద సామానంతా బయటికి లాగి టార్చి వేసి చూశాను. పక్క పలక మా అమ్మాయి స్కేలుతో కొలిస్తే పైన పద్దెనిమిది మిల్లీమీటర్లు, నేలకి దగ్గర ఇరవై మూడు. అట్టపెట్టె తడిసినట్టు ఉబ్బి, మెరూన్ పొర అంచు దగ్గర పెదవిలా విచ్చుకుంది. తలుపు కీలు మరలు వేలితో లాగితే పొడితో సహా ఊడొచ్చాయి. వెనకాల నల్లటి బూజు.

ఇంజనీర్డ్ వుడ్ అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక సంత పేరు. చెక్క పొట్టూ ముక్కలూ జిగురుతో కలిపి నొక్కిన పార్టికల్ బోర్డు, ఇంకా మెత్తటి నార నొక్కిన ఎమ్‌డీఎఫ్, పల్చటి చెక్క పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికించిన ప్లైవుడ్, అన్నిటినీ ఆ ఒక్క మాటలో చుట్టేసి అమ్ముతారు. మాది మొదటి రకం. అందులో చెక్కముక్కలు బలవంతంగా అణిగి ఉంటాయి. తడి తగలగానే అవి లేస్తాయి, లేస్తూ జిగురు పట్టుని తెంపుకుంటాయి. ఆరిన తర్వాత మళ్లీ అణగవు. అందుకే ఒకసారి ఉబ్బిన పలకని బాగుచేయడం ఉండదు. పైగా చవక జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్‌ది. వేడికీ తేమకీ అది కొద్దికొద్దిగా విడిపోయి ఘాటు వాయువు వదులుతుంది. మూసి ఉన్న అర తీయగానే నా కళ్లు మండేది ఎందుకో అప్పుడర్థమైంది. సబ్బు వాసన అనుకునేదాన్ని.

మరి నీళ్లెక్కడినుంచి వచ్చాయి? పైపు కారలేదు. పలకకి ఎదురు ముఖాలు రెండూ ప్లాస్టిక్ లాంటి పొరతో భద్రంగానే ఉన్నాయి. కోసిన చోట్లే కొంప ముంచాయి. పైపు కోసం ఇంట్లో బిగించేటప్పుడు కోసిన కంతకి ఏ పూతా లేదు. కీలు కూర్చునే ముప్పై అయిదు మిల్లీమీటర్ల గుంట పచ్చిగా ఉంది. పలక అడుగు అంచు నేరుగా నేల మీద కూర్చుంది, నేను రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే నేల మీద. నా శుభ్రతే దాన్ని చంపింది! ఎదురుగా కనిపించే అంచులకి మాత్రం అందంగా పట్టీ వేశారు.

వడ్రంగి మేస్త్రిని పిలిస్తే, వచ్చినాయన హాల్లో కూర్చున్న మా ఆయనతో, "సార్, మొత్తం టేకు వేసేద్దాం, మనవలదాకా ఉంటది" అన్నాడు. వంటింట్లోంచి నేను కేకేశాను, "అలమర ఇక్కడుంది, ఇటు రండి." మంచి మనిషే, రెండోసారి నుంచి నాతోనే మాట్లాడాడు.

టేకు మాట వినగానే అమ్మ లేచి కూర్చుంది. కోనసీమలో మా తాతగారి ఇల్లు కూల్చినప్పుడు రెండు జతల టేకు తలుపులు అమ్మకిచ్చారు. అమ్మకి దక్కినవి అవే. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన 1986 చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికానివాళ్లకే వర్తించింది. అమ్మ పెళ్లి 1984లో. పెళ్లయినవాళ్లనీ కలుపుకున్న 2005 సవరణ వచ్చేసరికి మామయ్యల పంపకాలు ఎప్పుడో రిజిస్టరైపోయాయి. ఆ తలుపులు పిన్ని ఇంటి వెనక షెడ్డులో ఇరవై ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. "పొలం వాళ్లకి, తలుపులు నాకు. మూసుకోమని కాబోలు" అని అమ్మ ఎప్పుడూ నవ్వుతూనే అంటుంది.

తలుపులు లారీలో వచ్చాయి. ఆకుపచ్చ రంగు మీద నీలం, నీలం మీద గోధుమ. మేస్త్రి కుర్రాడు బాల్కనీలో పొడిగా గీకబోతే ఆపాను. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము లేవకూడదు. కింద పార్కింగులో తడిపి గీకించి, ఆ పొట్టంతా సంచిలో కట్టించాం. మేకులు రంపం పళ్లు విరగ్గొడతాయని మేస్త్రి అయస్కాంతంతో చెక్కంతా తడిమాడు.

రంగు పోయాక ఒక పలక అంచున రెండంగుళాల మేర తెల్లగా బయటపడింది. "ఇది చేవ కాదమ్మా" అని మేస్త్రి గోటితో గిల్లితే పొడి రాలింది. టేకు టేకే అనుకుంటాం గానీ, పురుగుకీ చెదకీ తట్టుకునే నూనెలు ఉండేది నడిమి చేవలోనే. చుట్టూ ఉండే తెల్లచెక్కకి ఆ శక్తి లేదు. తోటల్లో తొందరగా నరికిన లేత టేకులో ఈ తెల్లచెక్కే ఎక్కువ. దాన్ని రంగు పూసి అమ్మితే మన కళ్లు పట్టలేవు. కొత్త టేకు కొనేవాళ్లు పాలిష్ కాకముందు, కోసిన కొన దగ్గర చూడాలి.

లెక్క వేశాం. ఒక్కో రెక్క ఆరడుగుల పొడవు, ఇరవై ఒక్క అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం. పొడవుని అడుగుల్లో, మిగతా రెండూ అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే ఒక ఘనపుటడుగు పైచిలుకు. నాలుగు రెక్కలకి దాదాపు నాలుగున్నర. మేకుల చోట్లు, తెల్లచెక్క తీసేస్తే మూడు మిగులుతాయన్నాడు మేస్త్రి. పదడుగుల గట్టు కింద ఎనిమిది తలుపులకీ చట్రాలూ నడిమి పలకలూ కలిపి రెండులోపే సరిపోతుంది. లోపలి పెట్టెలు కూడా టేకుతోనే చేస్తే వాటికే ఇంకో అయిదారు కావాలి.

కొనుక్కోగలిగినా పెట్టెలకి టేకు వద్దనే నిర్ణయానికొచ్చాను. ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఎంత మంచి టేకయినా గాలిలో తేమని బట్టి అడ్డంగా పెరుగుతుంది, తరుగుతుంది. చెక్కలో తేమ పదినుంచి పద్నాలుగు శాతానికి పెరిగితే, పదంగుళాల వెడల్పు పలక దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. రెండడుగుల లోతు పెట్టె కోసం ఇరుకు పలకల్ని అతికి, నాలుగు వైపులా బిగిస్తే అది ఎక్కడో ఒకచోట చీలుతుంది. పొరలు అడ్డదిడ్డంగా ఉన్న ప్లైవుడ్‌లో ఒక పొర సాగబోతే పక్క పొర పట్టుకుంటుంది. వెడల్పయిన పెట్టెకి అదే నయం. తలుపులకి మాత్రం పాతకాలం పద్ధతి ఉండనే ఉంది. చుట్టూ చట్రం, చట్రం లోపల గాడి, గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చున్న పలక. వానాకాలంలో అది గాడిలోకి సాగుతుంది, ఎండాకాలంలో వెనక్కి వస్తుంది. తాతగారింటి తలుపులు అన్నేళ్లు చీలకుండా ఉన్నది చెక్క గొప్పతనం వల్లేనా? కాస్త కదలనిచ్చినందుకు కూడా.

ప్లైవుడ్‌లోనూ రకాలున్నాయి. యూరియా జిగురుతో వచ్చే ఎమ్‌ఆర్ రకం పడకగది అలమరకి చాలు. వంటింటికి ఫినాల్ జిగురున్న బీడబ్ల్యూపీ రకం కావాలి, ముద్ర మీద ఐఎస్ 710 ఉంటుంది. ఆ ప్రమాణం ప్రకారం ముక్కని 72 గంటలు ఉడికించినా పొరలు విడిపోకూడదు. కానీ ముద్ర వేయడానికి ఏముంది? షాపులో రెండు రకాల ముక్కలూ అడిగి తెచ్చి, మా పాత అలమర ముక్కతో కలిపి, కిటికీలు తెరిచి పాత డబ్బాలో పొయ్యి మీద పెట్టాను. "చదువుకుని చెక్క వండుతోంది" అని అమ్మ పక్కింటావిడకి చెప్పింది. మా అలమర ముక్క అరగంటలో ఉప్మా అయింది. ఎమ్‌ఆర్ ముక్క మూడో గంటకి పుస్తకంలా తెరుచుకుంది. మూడోది సాయంత్రందాకా, ఎనిమిది గంటలూ అలాగే ఉంది. ఇది 72 గంటల పరీక్షకి సాటి కాదు, దొంగ సరుకుని పట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

పని జరిగిన పన్నెండు రోజులూ కాలేజీకి సెలవు పెట్టాను. పెట్టెల కింద నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్లు వేయించాను, గోడకీ పెట్టెకీ మధ్య అంగుళం సందు వదిలించాను. కోసిన ప్రతి అంచుకీ, కనిపించనివాటికి ముందుగా, పైపు కంతల లోపలికి కూడా రెండేసి పూతలు వేయించాను. ముందు అంచులకి మిగిలిన టేకు పట్టీలు. టేకులో నూనె ఉండడంవల్ల పాలిష్ సరిగా పట్టదని మేస్త్రి ముందు థిన్నర్ గుడ్డతో తుడిచాడు. తలుపు లోపలివైపుకి ఒక పూత చాలన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఒకవైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చి తలుపు వంగుతుంది. కీళ్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు పూత కీళ్లు మా ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పట్టాయి.

"ఇంత చాదస్తం ఎందుకమ్మా, లోపల ఎవరు చూస్తారు?" అన్నాడు మేస్త్రి.

"నేను" అన్నాను.

రెండు వానాకాలాలు గడిచాయి. మొదటి ఆషాఢంలో గ్యాసు పక్క తలుపు కాస్త బిగిసింది. మేస్త్రి వచ్చి అంచుని కాగితమంత మందం చిత్రిక పట్టి, అక్కడ మళ్లీ పూత వేసి వెళ్లాడు. సింకు కింద పలక ఇప్పటికీ అన్నిచోట్లా పద్దెనిమిది మిల్లీమీటర్లే. నెలకోసారి కొలుస్తాను, ఇంట్లోవాళ్లకి నవ్వులాటైంది.

సింకు కింది తలుపులో ఒక పలకకి పాత గొళ్లెం కన్నం ఉండిపోయింది. మేస్త్రి మూసేస్తానంటే అమ్మ వద్దంది. చూపుడువేలు అందులో పెట్టి తలుపు లాగుతూ, "ఇది పెరటి తలుపే. రాత్రిళ్లు దీని గొళ్లెం నేనే పెట్టేదాన్ని" అంది.