ఒక టిక్ ఖరీదు

మొన్న దసరా సెలవులకి ఇంటికెళ్తే మా కారు షెడ్డులో ఉంది. ఏలూరు దగ్గర ముందు వెళ్తున్న వ్యాను సడన్‌గా బ్రేకేస్తే నాన్న వెనక నుంచి గుద్దేశారట. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. "ఇన్సూరెన్స్ ఉందిగా నాన్నా, మనకేం ఖర్చు?" అన్నాను ధీమాగా. ఆ పాలసీని ఆన్‌లైన్‌లో రెన్యూ చేసింది నేనే మరి.

రిపేరు బిల్లు 31,000 అయింది. కంపెనీ 20,200 ఇస్తుందట, మిగతా 10,800 మేమే కట్టాలట. నాకు ఒళ్ళు మండి సర్వేయర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే చెప్పారు: "బాబూ, మీ బండికి నాలుగున్నరేళ్ళు. పోయింది పాత బానెట్, వేసేది కొత్తది. యాక్సిడెంట్‌కి ముందు మీ దగ్గరున్న వస్తువు విలువే కంపెనీ ఇస్తుంది. ఆ పైన తేడా మీదే."

"మేం కొత్తది అడగలేదు కదా సార్, పాతదే బాగుండేది" అన్నాను. కానీ నాలుగున్నరేళ్ళు వాడిన బానెట్ ఏ షోరూమ్‌లో అమ్ముతారు?

ఆ రాత్రి పాలసీ పీడీఎఫ్ మొదటిసారి పూర్తిగా చదివాను. లోహపు భాగాలకి కోత బండి వయసుని బట్టి ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఏమీ ఉండదు, నాలుగు నుంచి ఐదేళ్ళ మధ్య 35 శాతం. అందుకే 8,000 బానెట్‌లో 2,800 పోయింది. ప్లాస్టిక్‌కి వయసుతో పనిలేదు, నిన్న కొన్న బండైనా సగం కోతే. 6,000 బంపర్‌లో 3,000 అలా పోయింది. అద్దానికి కోత లేదు కాబట్టి 5,000 ముందు అద్దం పూర్తిగా వచ్చింది, 4,000 లేబర్ కూడా. ఇవి కాక, ప్రతి క్లెయిమ్‌లో మాలాంటి చిన్న కారు ఓనరు తప్పనిసరిగా పెట్టుకోవాల్సిన 1,000 ఉంది.

పెయింటింగ్ దగ్గర ఆగిపోయాను. 8,000లో సగం, అంటే 4,000 కోసేశారు. రూలు ప్రకారం ఆ 50 శాతం కోత మెటీరియల్ మీదే, పనివాళ్ళ కూలి మీద కాదు. బిల్లులో విడివిడిగా రాయకపోతే మొత్తంలో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కెయ్యాలి. అంటే 2,000లో సగం, వెయ్యి మాత్రమే. పొద్దున్నే ఆ పేజీ స్క్రీన్‌షాట్ పంపాను. సాయంత్రానికి సరిచేసిన షీటు వచ్చింది. మా వాటా 7,800కి దిగింది.

"మావాడు మూడు వేలు మిగిల్చాడు" అని నాన్న పక్కింటి అంకుల్‌కి గర్వంగా చెప్పారు. నేను ఫోన్‌లోకి తలదించేశాను. ఎందుకంటే రెన్యూవల్ రోజు స్క్రీన్ మీద "జీరో డిప్రిసియేషన్" అని ఒక బాక్స్ కనిపించింది. అదేంటో చదవకుండానే టిక్ తీసేసి 1,800 తగ్గించాను. అది ఉంచి ఉంటే ఈ తరుగుదల కోతలేవీ ఉండేవి కావు, ఆ వెయ్యి తప్ప. 6,800 నాన్న జేబులోనే ఉండేవి.

ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు. ముందు మీకు చెప్తున్నా.