ప్రశ్న లేని స్క్రీన్‌షాట్

రాత్రి పదకొండింటికి పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఇంటర్వ్యూ పిలుపు. గురువారం ఉదయం 11 గంటలకు వీడియో కాల్, రేపటిలోగా కన్ఫర్మ్ చేయాలి. కింద ఒక్క మాట లేదు.

ఏం అడుగుతున్నట్టు? గురువారం వాడికి పరీక్ష ఉంది, టైమ్ మార్చమని ఎలా రాయాలనా? ఏం చదువుకోవాలనా? లేక ఇది నిజమేనా అనా? ఈ మూడోది పైకి అడగడం కష్టం. నెలల తరబడి ఎదురుచూసిన మెయిల్‌ని అనుమానించడానికి మనసొప్పదు.

అందుకే ముందు అదే చూశాను. స్క్రీన్‌షాట్‌లో పంపినవాళ్ల పేరు మాత్రమే ఉంది. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. అడ్రస్ పంపమన్నాను. @ తర్వాత కంపెనీ పేరు, ఒక అడ్డగీత, careers, .com. అదే careers ముందుండి, చుక్క తర్వాత కంపెనీ అసలు సైట్ పేరు ఉంటే అది వాళ్లదే. అడ్డగీతతో ఉన్నది వేరే పేరు, ఎవరైనా కొనుక్కోవచ్చు. అలాగని గీత ఒక్కటే మోసానికి రుజువు కాదు.

"దీనికి అప్లై చేశావారా?"

"గుర్తులేదక్కా, చాలా పెట్టాను."

కంపెనీ సైట్‌లో ఆ ఉద్యోగం ఉందేమో చూసి, మెయిల్‌లోని నంబర్‌కి కాకుండా సైట్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేయమన్నాను. ఈలోగా పరీక్ష సంగతి చెప్పి ఇంకో తేదీ అడగడంలో తప్పులేదు. ప్రిపరేషన్ ఆ ఫోన్ అయ్యాక.

నిజంగా పిలిచిన కంపెనీ ఇంకో తేదీ ఇస్తుంది, లేదా కుదరదంటుంది. లాప్‌టాప్ కోసం "రీఫండబుల్" డిపాజిట్ మాత్రం కట్టమనదు.