నెలకు పంతొమ్మిది వందలు

నరసరావుపేటలో చిన్న ఇల్లొకటి కొనదలచిన ఉపాధ్యాయ దంపతులు ఇరవై లక్షల రూపాయల బ్యాంకు రుణానికి దరఖాస్తు చేశారు. వడ్డీ ఏడాదికి 9 శాతం. 20 సంవత్సరాలలో తీర్చదలిస్తే నెలసరి వాయిదా 17,995 రూపాయలు. 30 సంవత్సరాలయితే 16,092. నెలకు పంతొమ్మిది వందలు మిగులుతాయి గదా అని భర్త దీర్ఘకాలం వైపే మొగ్గాడు.

భార్య గణిత ఉపాధ్యాయిని. "వాయిదా చూశారు గానీ, మొత్తం ఎంతవుతుందో చూడలేదండీ" అంటూ కాగితం అందుకున్నది. మొదటి పద్ధతిలో వడ్డీ సుమారు 23 లక్షల 19 వేలు. రెండవ దానిలో 37 లక్షల 93 వేలు. అంటే తీసుకున్న అప్పుకు దాదాపు రెట్టింపు వడ్డీయే!

ఇంత వ్యత్యాసం ఎలా వచ్చింది? తొలి నెలలో ఇరవై లక్షలపై వడ్డీయే 15,000 రూపాయలు. గడువును ఎంత పొడిగించినా వాయిదా అంతకు దిగువకు రాదు. వడ్డీ పోగా మిగిలినదే అసలును తగ్గిస్తుంది. 17,995లో ఆ భాగం 2,995. 16,092లో 1,092 మాత్రమే. అసలు కరగనిదే మరుసటి నెల వడ్డీ తగ్గదు. అందువల్ల ముప్పై ఏళ్ళ రుణంలో పదేళ్ళు గడిచి, 19 లక్షల 31 వేలు చెల్లించిన తరువాత కూడా 17 లక్షల 89 వేల అసలు నిలిచే ఉంటుంది. ఈ మాట వినగానే భర్త మౌనం వహించాడు.

రాబోయే కాలంలో రూపాయి విలువ తగ్గుతుంది కనుక ఆ వడ్డీ మొత్తం కంటికి కనిపించినంత భారం కాదనే వాదం కొంత నిజమే. అయితే మారే వడ్డీ రుణంలో మరొక చిక్కున్నది. తొలినాళ్ళలోనే వడ్డీ 10 శాతానికి పెరిగితే నెల వడ్డీ 16,667 అవుతుంది. 16,092 వాయిదా దానికే చాలదు, అసలు పెరగసాగుతుంది. వడ్డీరేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో, గడువు పొడిగించుకోవాలో ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులను ఆదేశించింది. బ్యాంకు నుండి వచ్చే లేఖను చదవకుండా పక్కన పెట్టినవారికి ఆ అవకాశం ఉన్నట్లే తెలియదు.

"పోనీ, పదిహేనేళ్ళకే తీసుకుందామా?" అన్నాడు భర్త. దానికి వాయిదా 20,285 రూపాయలు. ఇంట్లో వృద్ధురాలైన అత్తగారి మందుల ఖర్చు ఏ నెల ఎంతవుతుందో తెలియదు గనుక ఆమె అంగీకరించలేదు. చివరకు ఇరవై ఏళ్ళ గడువుకే సంతకం చేశారు. వీలైన నెలలలో మరో 2,290 రూపాయలు అసలు కింద జమ చేయాలనుకున్నారు. ప్రతి నెలా అలా కట్టగలిగితే, వడ్డీరేటు మారనంత వరకు, అప్పు పదిహేనేళ్ళకే తీరి సుమారు 6 లక్షల 67 వేల వడ్డీ తప్పుతుంది. కట్టలేని నెలలో బ్యాంకు అడగదు. ఆ అదనపు సొమ్ముతో వాయిదా కాక గడువే తగ్గించవలసిందిగా ఆమె బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకున్నది.