ఒక ‘ని’ కోసం

డెస్కులోని అన్నలకు, చెల్లెళ్లకు,

శనివారంతో నా షిఫ్టులు అయిపోయాయి. గుర్తింపు కార్డు ఇచ్చేసి, ఒక కాగితం మీద సంతకం పెట్టి పోదామని మంగళవారం సాయంత్రం ఆఫీసుకు వచ్చాను. అయిదు నిమిషాల పని. కింద ప్రెస్సు దగ్గర పేపరు రీళ్లు దొర్లిస్తున్న చప్పుడు వినిపించింది, కాళ్లు మెట్ల వైపు తిరిగాయి. ఊళ్ల నుంచి కంట్రిబ్యూటర్లు వస్తే కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తలుపు పక్కన ఉంది కదా, అందులో కూర్చున్నాను. పదకొండేళ్లు మీ మధ్య పనిచేశాను గానీ, మీరు పనిచేస్తుంటే ఊరికే కూర్చుని చూడటం అదే మొదటిసారి. అర్ధరాత్రి దాటేదాకా లేవలేకపోయాను. వచ్చే వారం నుంచి నేను చేరే చోటు వారపత్రిక. అక్కడ రాత్రి షిఫ్టు లేదు. అందుకే ఆ రాత్రి చూసింది చూసినట్టు రాసిపెడుతున్నాను.

నేను వచ్చేసరికి ఏడు దాటింది. ఫోన్లలో టైపు చేసిన వార్తలు మండలాల నుంచి వరసగా దిగుతున్నాయి. విద్యుత్ శాఖ ప్రకటన ఒకటి తెర మీదుంది: మరమ్మతుల వల్ల రేపు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా సరఫరా ఉండదు. కంట్రిబ్యూటర్ మంగళవారం పంపాడు కాబట్టి ‘రేపు’ అన్నాడు. ఆ పేపరు చదివే మనిషి చేతికి అది బుధవారం పొద్దున్నే వస్తుంది. అతనికి అది ‘నేడు’. ఆ ఒక్క మాట మార్చకపోతే పిండి మర నడుపుకునేవాడు కరెంటు పోయేది గురువారం అనుకుని, ధాన్యం తెచ్చేవాళ్లను బుధవారం రమ్మంటాడు. మూలన కూర్చునే అన్న ఆ మాట మార్చి ఊరుకోలేదు, పక్కన ‘బుధవారం’ అని కూడా చేర్చాడు. పేపరు ఒక రోజు ఆలస్యంగా అందే ఏజెన్సీ ఊళ్లు ఉన్నాయి. అక్కడ ‘నేడు’ కూడా తప్పుదారి పట్టిస్తుంది, వారం పేరు పట్టించదు.

ఇంకో తెర మీద ‘పశ్చిమగోదావరి జిల్లా కొవ్వూరు’ అని కనిపించింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరు అయినప్పుడు, గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు తూర్పుగోదావరిలోకి వచ్చింది. ఒడ్డు మారని ఊరికి జిల్లా మారింది. రాసే చేతికి ఇప్పటికీ పాత అలవాటే వస్తుంది. ఆ ఏప్రిల్‌లో మనం ఏ మండలం ఏ జిల్లాకు వెళ్లిందో అట్టముక్క మీద రాసి గోడకు అతికించాం. టేపు పసుపు రంగుకు తిరిగింది గానీ, అట్ట ఇంకా అక్కడే ఉంది.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి తొమ్మిదిన్నరకు వచ్చింది.

రోడ్డు ప్రమాదం వార్త అది. శీర్షికతో సహా పంపాడు కంట్రిబ్యూటర్: ‘లారీ ఢీకొన్న ఆటో.. ముగ్గురు మృతి’. కాపీలో మొదటి వాక్యం ఇలా ఉంది: ‘వేగంగా వస్తున్న ఆటో రోడ్డు పక్కన లారీ ఢీకొనడంతో ముగ్గురు అక్కడికక్కడే మృతి చెందారు.’ జిల్లా పేజీలు పదిన్నరకు వదలాలి. గంట టైముంది. రెండేళ్ల కిందట చేరిన చెల్లెలి ముందుకు వచ్చింది ఆ కాపీ. నేను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాను.

మన భాషలో ‘లారీ ఢీకొన్న ఆటో’ అంటే లారీ వచ్చి గుద్దిన ఆటో. ‘లారీని ఢీకొన్న ఆటో’ అంటే లారీని పోయి గుద్దిన ఆటో. మధ్యలో ఉన్నది ఒక్క ‘ని’. అది ఉంటే తప్పు ఆటో డ్రైవర్‌ది, లేకపోతే లారీ డ్రైవర్‌ది. అసలు చిక్కు ఏమిటంటే మనం మాట్లాడేటప్పుడు ప్రాణం లేని వస్తువుల దగ్గర ఈ ‘ని’ని తరచూ వదిలేస్తాం. ‘బండి ఆపు’ అంటాం, ‘బండిని ఆపు’ అనం. మాట్లాడినట్టే రాసే కంట్రిబ్యూటర్ ‘లారీ ఢీకొన్న’ అని రాస్తే, అతను ‘ని’ వదిలేశాడో, నిజంగానే లారీ వచ్చి గుద్దిందో కాపీ చూసి చెప్పలేం. ఇక్కడైతే శీర్షిక ఒక వైపు లాగుతోంది, ‘వేగంగా వస్తున్న ఆటో’ అన్న మాట ఇంకో వైపు లాగుతోంది.

ఈ చోటే నేను ఒకసారి తప్పు చేశాను. మీలో చాలామంది అప్పటికి చేరలేదు. అలాంటి వాక్యమే వచ్చింది, అలాగే ‘ని’ లేదు. టైపింగ్‌లో పోయి ఉంటుందని నేనే చేర్చాను. వాక్యం అందంగా కుదిరింది, పేజీ వెళ్లిపోయింది. మూడో రోజు ఒక పెద్దాయన పేపరును నాలుగు మడతలు పెట్టి పట్టుకుని వచ్చాడు. ఈ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాడు. “మావాడు లారీని గుద్దలేదయ్యా. లారీయే ఎదురొచ్చి వాణ్ని గుద్దింది. పోయినవాడు ఎటూ పోయాడు, ఊళ్లో మాత్రం తాగి నడిపాడంటున్నారు” అన్నాడు. కాపీలో తాగుడు మాటే లేదు. నేను చేర్చిన ‘ని’కి ఊరు మిగతాది చేర్చుకుంది. మర్నాడు మూడు లైన్ల సవరణ వేశాం. ఆయన మళ్లీ వచ్చి, సవరణ ఉన్న ఆ పేపరు రెండు కాపీలు అడిగి తీసుకెళ్లాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే మంగళవారం రాత్రి చెల్లెలు ఏం చేస్తుందా అని ఊపిరి బిగబట్టి చూశాను. ఆమె కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. ఫోన్ తీసింది.

“అన్నా, ఎవరు ఎవర్ని గుద్దారు?” ఇదే ఆమె మొదటి ప్రశ్న. లారీ రోడ్డు పక్కన ఆగి ఉందని అవతలి నుంచి జవాబు. అయితే ‘ని’ పెట్టవచ్చు, అక్కడితో అయిపోవాలి. ఆమె ఆగలేదు. “ఆగి ఉందని ఎవరు చెప్పారు? వెనక లైట్లు వెలుగుతున్నాయా?” అంది. కాసేపు అటువైపు మాట లేదు. ఆగి ఉందని చెప్పింది లారీ క్లీనరట. ఆటోలో బతికి బయటపడిన ఆమె మాత్రం లారీ వెనక్కి వస్తోందని చెబుతోందట. ఎస్సై ఇంకా కేసు రాయలేదు.

ఇప్పుడు ‘ని’ పెట్టినా తప్పే, తీసినా తప్పే. ఆమె శీర్షికను ‘ఆటో, లారీ ఢీ’ అని మార్చింది. లోపల క్లీనర్ చెప్పింది క్లీనర్ మాటగా, గాయపడిన మహిళ చెప్పింది ఆమె మాటగా, రెండు వేరు వేరు వాక్యాలు రాసింది. ‘వేగంగా వస్తున్న’ అన్నది కొట్టేసింది. ఆ వేగం చూసినవాళ్లు ఎవరూ కాపీలో లేరు.

తర్వాత పేర్లు లెక్కపెట్టింది. శీర్షికలో ముగ్గురు, లోపల పేర్లు రెండే. ఈ లెక్క మనం రోజూ వేళ్ల మీద వేస్తాం, అయినా ఏదో ఒక రాత్రి జారిపోతుంది. మళ్లీ ఫోన్. మూడో మనిషిని కాకినాడ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లారట, దారిలోనే పోయాడని బంధువులు అంటున్నారట. ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. బతికున్న మనిషిని పోయాడని అచ్చు వేస్తే, ఆ పేపరు ముందు ఆ ఇంటికే వెళ్తుంది. చెల్లెలు ‘ఇద్దరు’ అని దిద్ది, మూడో వ్యక్తి పరిస్థితి విషమం అని రాసింది. ‘అక్కడికక్కడే’ అన్నది ఆ ఇద్దరికి నిజమేనా అని కూడా అడిగింది. ఒకరికే నిజమట.

పది ఇరవై. పేజీ పెట్టే అన్న శీర్షికను రెండు వరసలుగా పేర్చాడు. పైవరస ‘ఇద్దరు దుర్మరణం’, కిందవరస ‘ఆటో, లారీ ఢీ’. జాగా చాలక వరసల మధ్య ఎడం తగ్గిస్తే, పైనున్న ‘ర్మ’ ఒత్తు కిందికి దిగి ‘లారీ’ గుడిదీర్ఘానికి తగిలింది. అచ్చయ్యాక ఆ చోట సిరా ముద్ద కట్టి రెండక్షరాలూ పోతాయి. అక్షరాల సైజు తగ్గిద్దామన్నాడు ఇన్‌ఛార్జి సార్. అన్న తల అడ్డంగా ఊపి వరసలు తారుమారు చేశాడు. ‘ఆటో, లారీ ఢీ’లో కిందికి దిగే ఒత్తు ఒక్కటీ లేదు. అది పైకి వెళ్లగానే కిందవరసకు చోటు దొరికింది. సైజు తగ్గలేదు. పది ముప్పై రెండుకు పేజీ వదిలారు. రెండు నిమిషాలు దాటినందుకు సార్ ఏమీ అనలేదు.

కిందికి వెళ్లి ప్లేటు చూసి వచ్చాను. అల్యూమినియం రేకు మీద ఆ వార్త అరచేయంత ఉంది. రాసినవాళ్ల పేరు లేదు, దిద్దినవాళ్ల పేరు ఉండదు. ఊరి పేరుతో మొదలై చుక్కతో ముగిసింది. కొత్త చోట నా పేరు వ్యాసం మీద ఉంటుందని చెప్పారు. ఇష్టమే. కానీ ఆ రేకు ముందు నిలబడి, ఇన్నేళ్లు పేరు లేకుండా మీతో కలిసి దిద్దిన ఇలాంటి వార్తలే నా సొంతం అనిపించింది. మీకు ఇది ముఖం మీద చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది.

పదకొండు యాభైకి ఫోన్ మోగింది. మూడో మనిషి ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి మన్యం వైపు వెళ్లే కట్టలు వ్యాన్లకు ఎక్కేశాయి. ఆ ఊళ్లలో పొద్దున్న ‘ఇద్దరు’ అనే చదువుతారు, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. సిటీ ఎడిషన్ ప్లేటు మాత్రం ఇంకా ఎక్కలేదు. చెల్లెలు లేచి నిలబడే ఫోన్‌లో అడిగింది: “ఎవరు చెప్పారన్నా? డ్యూటీ డాక్టరా, బంధువులా?” డ్యూటీ డాక్టరేనట. టైము రాసుకుంది, పేరు ఒక్కో అక్షరం పలికించి రాసుకుంది, వయసు రెండుసార్లు అడిగింది. ‘ఇద్దరు’ తీసి ‘ముగ్గురు’ పెట్టింది. ఒకరు అక్కడికక్కడే, ఒకరు ఆసుపత్రికి తరలిస్తుండగా, ఒకరు చికిత్స పొందుతూ అని విడివిడిగా రాసింది. శీర్షికలో ‘గ్గు’ కింద చోటు సరిపోయిందో లేదో చూడమని పేజీ పెట్టే అన్నను పిలిచింది.

నేను కార్డు ఇన్‌ఛార్జి సార్ బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర వెనక్కి చూస్తే, ఆమె పగటి షిఫ్టు వాళ్ల కోసం చీటీ రాస్తోంది: ‘కేసు ఎలా రాశారో ఎస్సైని అడగాలి. లారీ ఆగి ఉందా, వెనక్కి వస్తోందా? తేలేదాకా ‘ని’ పెట్టవద్దు.’