అరవై రెండు బైట్లు

మా కొట్టులో గల్లాపెట్టె పక్కన ఉండే క్యూఆర్ స్టిక్కర్ మీద పోయిన వేసవిలో ఎవరో ఇంకో స్టిక్కర్ అతికించి వెళ్ళిపోయారు. అదే సైజు, అదే రంగు. నాన్న ఫోన్ సౌండ్ తగ్గించి ఉంది, బేరాల హడావుడి వేరే. సాయంత్రం లెక్క చూసుకుంటే 1,860 రూపాయలు తేడా. గోరుతో గీకితే కింద మా స్టిక్కర్ బయటపడింది.

సెలవులకి ఇంటికొచ్చిన నేను పెద్ద ఇంజినీర్‌లా ఒక సలహా పడేశాను. "క్యూఆర్ తీసేద్దాం నాన్నా. ట్యాప్ పెడదాం. ఫోన్ ఇలా తగిలిస్తే చాలు, డబ్బులు వచ్చేస్తాయి."

నాన్న పప్పు తూస్తూనే అడిగాడు. "ఫోన్‌కి ఫోన్ తగిలిస్తే డబ్బులు పోతాయా? అయితే బస్సులో ఎవడో నా జేబుకి ఫోన్ ఆనించినా పోతాయిగా?"

పోవు అన్నాను. ఎందుకు పోవో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. నాలుగు సెమిస్టర్ల కంప్యూటర్ సైన్స్ అయ్యింది, డబ్బు ఏ దారిన వెళ్తుందో చెప్పలేకపోయాను. హాస్టల్‌కి తిరిగొచ్చాక ఆ ప్రశ్న పట్టుకుని నేనూ నా రూమ్మేటూ రెండు వారాలు కూర్చున్నాం.

మొదటి ప్రయత్నం చాలా అమాయకంగా చేశాం. రెండు ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ ఆన్ చేసి వీపుకి వీపు ఆనించాం. ఏమీ అవ్వలేదు. తిప్పాం, జరిపాం, కొంచెం గట్టిగా కూడా కొట్టాం. తర్వాత తెలిసింది, పాత ఆండ్రాయిడ్‌లో రెండు ఫోన్లు సమానంగా మాట్లాడుకునే ఆండ్రాయిడ్ బీమ్ అనే సదుపాయం ఉండేదని, ఆండ్రాయిడ్ 10లో దాన్ని పక్కన పెట్టి, 14కి వచ్చేసరికి పూర్తిగా తీసేశారని. ఇప్పుడు ఒక ఫోన్ అడిగేది కావాలి, ఇంకోటి కార్డులా నటించాలి. ఆ నటనకి హోస్ట్ కార్డ్ ఎమ్యులేషన్ అని పేరు. కాబట్టి "రెండు ఫోన్లు తగిలాయి" అని మనం అనుకునే చోట నిజానికి ఒక కార్డ్ రీడరూ, ఒక ప్లాస్టిక్ కార్డు వేషం వేసుకున్న ఫోనూ ఉంటాయి.

అడిగే ఫోన్ తన వీపు లోపలున్న రాగి చుట్టలోకి కరెంటు పంపిస్తుంది. ఆ కరెంటు సెకనుకి కోటీ ముప్పై అయిదు లక్షలసార్లకి పైగా, అంటే 13.56 మెగాహెర్ట్జ్‌తో అటూ ఇటూ ఊగుతుంది. దాంతో చుట్టూ ఒక అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. రెండో ఫోన్ చుట్ట ఆ క్షేత్రంలోకి రాగానే రెండింటికీ లంకె పడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టల మధ్య పడినట్టే. జవాబు చెప్పడానికి కార్డు వైపు పెద్దగా అరవక్కర్లేదు. తన చుట్ట మీద భారాన్ని గబగబా మారుస్తుంది, ఆ మార్పు అవతలి చుట్టకి తెలుస్తుంది. ఒకే తాడుని ఇద్దరు పట్టుకున్నప్పుడు ఒకడు లాగితే రెండోవాడి చేతికి తెలియదా, అలాగన్నమాట. దూరం పెరిగేకొద్దీ ఈ క్షేత్రం చాలా వేగంగా పడిపోతుంది, అందుకే నాలుగైదు సెంటీమీటర్లు దాటితే మాట వినపడదు. మొదట్లో నేను దీన్ని లోపం అనుకున్నాను. బ్లూటూత్ అయితే గదిలో ఉన్న పదిమందిలో ఎవరితో మాట్లాడాలో మనం జాబితాలోంచి ఎంచుకోవాలి. ఇక్కడ ఆనించడమే ఎంచుకోవడం.

రెండో ప్రయత్నంలో నా ఫోన్‌లో కార్డు వేషం వేసే చిన్న యాప్ రాశాం, రూమ్మేట్ ఫోన్‌ని రీడర్‌గా పెట్టాం. అప్పటికీ కుదరలేదు. కుదరకపోవడమే కాదు, రీడర్ ఫోన్‌లో ఏదో అర్థంకాని కార్డు నంబరు వస్తోంది. అరగంట కోడ్‌లో బగ్ వెతికాక చూస్తే, వాడి ఫోన్ కవర్ వెనకాల కాలేజీ ఐడీ కార్డు ఉంది! రీడర్ పిలిచిన ప్రతిసారీ అదే ముందు పలుకుతోంది. కార్డు తీసి, నా ఫోన్‌లో చుట్ట ఎక్కడుందో వెతికి (కెమెరా దగ్గరే ఉంది, నేను మధ్యలో అనుకున్నాను) ఆనిస్తే ఒక్కసారి వైబ్రేట్ అయ్యింది. మీకూ ట్యాప్ పడకపోతే ఆ వైబ్రేషన్ వచ్చిందా లేదా ముందు చూడండి. రాకపోతే తప్పు చుట్టల దగ్గరే ఉన్నట్టు, వచ్చి ఆగిపోతే యాప్ దగ్గరో నెట్ దగ్గరో ఉన్నట్టు.

ఆ మధ్యలో జరిగిన సంభాషణని లాగ్‌లో చూశాం. రీడర్ పంపిన మొదటి మాట ఇది:

```
00 A4 04 00 07 D2 76 00 00 85 01 01 00
```

తెలుగులో చెప్పాలంటే "ఎన్‌ఎఫ్‌సీ సందేశాన్ని దాచుకునే అప్లికేషన్ నీ దగ్గర ఉందా?" అని. నా ఫోన్ `90 00` అంది, అంటే "ఉంది". తర్వాత ఏ ఫైల్‌లో ఉందో అడిగింది, ఎంత పొడవో అడిగింది, చివరికి ఆ ఫైల్ చదువుకుంది. చదువుకున్న అసలు సరుకు ఇది (చిరునామా నేను కల్పించి రాసింది):

```
D1 01 3A 55 00
upi://pay?pa=kirana@examplebank&pn=Kirana&am=45.00&cu=INR
```

మొదటి అయిదు బైట్లు కవరు మీద రాతలాంటివి. `D1` అంటే ఇది ఒకే ఒక రికార్డు, చిన్నది. `01` అంటే దాని రకాన్ని చెప్పే పేరు ఒక్క అక్షరం. ఆ అక్షరం `55`, అంటే ఇంగ్లీషు U, లింకు అని అర్థం. మధ్యలో `3A` లోపల 58 బైట్లున్నాయని చెప్తుంది. చివరి `00` అంటే లింకులో ఏ ముక్కనీ కుదించలేదని. ఆ తర్వాత 57 అక్షరాల మామూలు రాత. ఎవరికి, ఏ పేరు, ఎంత, ఏ కరెన్సీ. మొత్తం 62 బైట్లు. సెకనుకి 106 కిలోబిట్ల వేగంలో వాటికి దాదాపు అయిదు మిల్లీసెకన్లు చాలు.

ఈ వరస చూసి నేను కాస్త నిరాశపడ్డానని ఒప్పుకోవాలి. డబ్బు ఎక్కడ? అకౌంట్ నంబరు లేదు, పిన్ లేదు, కస్టమర్ గురించి ఒక్క ముక్క లేదు. పైగా మాట వెళ్ళే దిక్కు కూడా నేను అనుకున్నదానికి తిరగబడి ఉంది. డబ్బు కట్టేవాడి ఫోన్ నుంచి కొట్టువాడికి ఏమీ పోలేదు, కొట్టువాడి చిరునామాయే కట్టేవాడి ఫోన్‌లోకి వచ్చింది. క్యూఆర్‌లో గళ్ళుగా ఉండేది కూడా సరిగ్గా ఇదే రాత. కంటితో చూసే బదులు చుట్టతో విన్నాం, అంతే తేడా.

అసలు ప్రయాణం ఆ తర్వాతే మొదలవుతుంది. రూమ్మేట్ ఫోన్‌లో యూపీఐ యాప్ తెరుచుకుంటుంది, వాడు పిన్ కొడతాడు, ఆ పిన్ ఫోన్‌లోనే రహస్య లిపిలోకి మారి, వాడి నెట్ మీదుగా ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి వాడి బ్యాంకుకి వెళ్తుంది. ఆ బ్యాంకు 45 రూపాయలు తగ్గిస్తుంది, నా బ్యాంకు 45 పెంచుతుంది. అప్పటికి మా ఫోన్లు విడిపోయి చాలాసేపయ్యింది.

నాన్న బస్సు ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరికింది. జేబులో ఫోన్ లాక్ అయి ఉంటే ఆండ్రాయిడ్ ఇలాంటి రాతల కోసం వెతకనే వెతకదు. తెరిచి ఉండి చదివినా, వచ్చేది ఒక చిరునామా. పిన్ కొట్టేదాకా పైసా కదలదు.

మరి రెండు ఫోన్లలోనూ నెట్ లేకపోయినా ట్యాప్‌తో డబ్బు వెళ్తుందంటారే? అది వేరే ఏర్పాటు, 2023 సెప్టెంబరులో వచ్చిన యూపీఐ లైట్ ఎక్స్. అక్కడ మాత్రం తగలడంలో చిరునామా కంటే బరువైనది దాటుతుంది. నెట్ ఉన్నప్పుడే కొంత డబ్బు ఫోన్‌లోకి నింపి పెట్టుకోవాలి. ఇలాంటి ఆఫ్‌లైన్ పద్ధతుల్లో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఫొటోని పదిమందికి పంపినా మన దగ్గర అలాగే ఉంటుంది. డబ్బు అలా ఉండకూడదు. అడ్డుకోవడానికి బ్యాంకు ఆ క్షణంలో అందుబాటులో లేదు కాబట్టి, లెక్క ఫోన్ లోపల యజమాని కూడా దిద్దలేని భద్రమైన చోట ఉండాలి, దాటే మాట మీద ఆ చోటు వేసిన డిజిటల్ సంతకం ఉండాలి. ఆ తాళం ఎప్పుడో ఒకప్పుడు పగలొచ్చు కదా, అందుకే మొదట్లో ఒక్కోసారికి 500 రూపాయలని చిన్న హద్దు పెట్టారు.

మా కొట్టుకి అంత అవసరం లేదు. నాకు కావలసింది స్టిక్కర్ సంగతి. దసరాకి ఒక ఖాళీ ఎన్‌ఎఫ్‌సీ స్టిక్కర్ కొనుక్కొచ్చి మా చిరునామా రాశాను, నాన్నకి చూపించాను. తర్వాత ఆయన ఎదురుగానే `pa=` తర్వాత నా చిరునామా పెట్టి తిరగరాశాను. మా కొట్టు పేరు అలాగే ఉంచాను. అయిదు సెకన్లు కూడా పట్టలేదు. క్యూఆర్ దొంగకి కనీసం ప్రింటర్ కావాలి, దీనికి అదీ అక్కర్లేదు. ఇకమీదట ఎవరూ రాయకుండా స్టిక్కర్‌కి తాళం వేసేయొచ్చు, వేశాను కూడా. "దీని మీద ఇంకోటి అతికిస్తే?" అన్నాడు నాన్న. తాళం దాన్నేం ఆపదు.

కానీ నేను తిరగరాసిన స్టిక్కర్‌ని అమ్మ ఫోన్‌తో తాకించినప్పుడు తెర మీద మా కొట్టు పేరు రాలేదు, నా పేరే వచ్చింది. స్టిక్కర్ చెప్పుకున్న పేరుని యాప్ నమ్మలేదు, చిరునామా ఎవరిదో బ్యాంకు వైపు అడిగి తెలుసుకుంది. 2025 జూన్ 30 కల్లా యాప్‌లన్నీ బ్యాంకులో ఉన్న పేరే చూపించాలని ఎన్‌పీసీఐ నిబంధన కూడా పెట్టింది. ఆ 62 బైట్లలో దేన్నయినా మార్చొచ్చు గానీ, ఆ పేరు వచ్చేది వాటిలోంచి కాదు.

ఇందులో మాకో ఇబ్బంది ఉంది. బోర్డు మీద కొట్టు పేరు ఒకటి, అకౌంట్ అమ్మ పేరు మీద. కొత్తవాళ్ళు తెర మీద అమ్మ పేరు చూసి ఆగిపోతున్నారు, ఆగడమే మంచిదని నేను అంటాను. నాన్న ఒక అట్టముక్క మీద అమ్మ పూర్తి పేరు స్కెచ్‌పెన్‌తో రాసి గల్లాపెట్టె వెనక, తనకి మాత్రమే చెయ్యి అందే చోట పెట్టాడు. ఎవరు ఫోన్ తాకించినా "పేరేం వచ్చింది బాబూ, చదువు" అంటున్నాడు.